గల్ఫుడ్‌లో గుంటూరు మిర్చి: స్టాల్ ఎలా సర్దాలి, కరపత్రంలో ఏం రాయాలి?

దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ ఆహార ప్రదర్శనకు గుంటూరు నుంచి ఓ చిన్న మిర్చి ఎగుమతిదారు వెళ్తున్నారనుకుందాం. చేతికొచ్చే జాగా మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. మిర్చితో పాటు పసుపు, ధనియాలు, జీలకర్ర కూడా పేర్చాలనిపిస్తుంది. కానీ అన్నీ పెడితే మీరు ఎందులో దిట్టో వచ్చినవారికి అర్థం కాదు. మీ బలం తేజ మిర్చి అయితే, నడవలో పోయేవారికి ముందు అదే కనబడాలి.

బల్ల మీద మూడు తెల్ల పళ్లేలు చాలు. ఒకదానిలో తొడిమతో ఉన్న కాయలు, ఒకదానిలో తొడిమ తీసినవి, మూడోదానిలో పొడి. పసుపుపచ్చ లైట్ల కింద కాయ అసలు రంగు తెలియదు కాబట్టి తెల్లని వెలుతురు అడిగి పెట్టించుకోవాలి. అనుభవమున్న కొనుగోలుదారు కాయను విరిచి లోపల బూజు ఉందేమో చూస్తాడు, వాసన పీలుస్తాడు. అందుకే ఏరిన కాయలు కాకుండా, బస్తాలో ఉన్న సరుకు ఎలా ఉందో అలాగే పెట్టాలి. ఇక్కడ మురిపించిన శాంపిల్ రేపు కంటైనర్ తెరిచాక తగాదా తెస్తుంది.

కరపత్రం ఒక్క కాగితం, రెండు వైపులా ఉంటే సరిపోతుంది. ముందువైపు సరుకు ఫొటో, ప్యాకింగ్ రకాలు, కనీస ఆర్డరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. వెనకవైపు అంకెలుండాలి. ‘మంచి రంగు, మంచి ఘాటు’ అన్న మాటలతో వ్యాపారి లెక్క వేసుకోలేడు. రంగును ఆస్టా విలువలో, ఘాటును స్కోవిల్ యూనిట్లలో, తేమను శాతంలో చెప్పాలి. ధర మాత్రం అచ్చు వేయకూడదు. మిర్చి యార్డులో రేటు రోజూ మారుతుంది. అడిగినవారికి ఎన్ని రోజులు చెల్లుతుందో చెప్పి విడిగా రాసివ్వాలి.

ఓ జర్మనీ దిగుమతిదారు వచ్చి అఫ్లాటాక్సిన్ రిపోర్టు అడిగాడనుకోండి. ఇది బూజు వల్ల పుట్టే విషం. ఎండుమిర్చిలో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన. మీ రిపోర్టు ఒక లాటుది, చేతిలో పెట్టిన శాంపిల్ మరో లాటుది అయితే ఆ కాగితానికి విలువ లేదు. కాబట్టి ప్రయాణానికి ముందే ఒక లాటు ఎంచుకుని, దాన్నే ల్యాబ్‌లో పరీక్ష చేయించి, దాన్నే చిన్న పొట్లాలుగా కట్టాలి. పొట్లం మీదా రిపోర్టు మీదా ఒకే లాటు నంబరు ఉండాలి. అదే లాటులో కొంత సీలు వేసి ఇంటి దగ్గర దాచాలి. తర్వాత నాణ్యతపై మాట వస్తే పోల్చి చూడటానికి అదే ఆధారం.

స్టాల్ అలంకరణకు ఖర్చు పెట్టే ముందు ఈ లాటు పరీక్షకు డబ్బు పక్కన పెట్టండి.