మొత్తం లెక్క మాటున

1976, 77 సంవత్సరాల్లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 20 కౌంటీల్లో జరిగిన హత్యకేసులను మైకేల్ రాడెలెట్ అనే సమాజశాస్త్రజ్ఞుడు పరిశీలించి, 1981లో వ్యాసం ప్రచురించాడు. అందులో 326 మంది ముద్దాయిల లెక్క ఒకటుంది. తెల్లవాళ్ళు 160 మందిలో 19 మందికి, నల్లవాళ్ళు 166 మందిలో 17 మందికి మరణశిక్ష పడింది. అంటే తెల్లవాళ్ళలో నూటికి 12, నల్లవాళ్ళలో 10. ఈ ఒక్క అంకె చేతికిస్తే చాలు, న్యాయస్థానానికి రంగు కనిపించదని ఎవరైనా ఉపన్యాసమివ్వవచ్చు.

అయితే చచ్చిపోయిందెవరు? ఈ ప్రశ్న వేసి అదే లెక్కను రెండుగా విడదీస్తే బొమ్మ తిరగబడుతుంది. హతుడు తెల్లవాడైన కేసుల్లో తెల్ల ముద్దాయిలు 151 మందిలో 19 మందికి, నల్ల ముద్దాయిలు 63 మందిలో 11 మందికి మరణశిక్ష. అంటే నూటికి 13, 17. హతుడు నల్లవాడైతే తెల్ల ముద్దాయిలు 9 మందిలో ఒక్కరికీ లేదు. నల్లవాళ్ళు 103 మందిలో ఆరుగురికి. రెండు చోట్లా నల్లవాడికే ఎక్కువ శిక్ష, కలిపితే మాత్రం తక్కువ! గణితజ్ఞులు దీన్ని సింప్సన్ వైపరీత్యం అంటారు.

ఇందులో మాయ లేదు. నల్లవాళ్ళపై కేసుల్లో ఎక్కువభాగం నల్లవాళ్ళను చంపినవే. నల్లవాడి ప్రాణానికి విలువ తక్కువ గనుక ఆ కేసుల్లో మరణశిక్ష అరుదు. తెల్లవాడు చనిపోతే 214 మందిలో 30 మందికి, నల్లవాడు చనిపోతే 112 మందిలో ఆరుగురికే మరణశిక్ష. ఒక వివక్ష వల్ల తగ్గిన అంకె ఇంకో వివక్షను కప్పిపెట్టిందన్నమాట. తొమ్మిది మందిని చూసి సూత్రం కట్టలేం, 13కీ 17కీ తేడా కూడా ఇంత చిన్న లెక్కలో గట్టిది కాదు. హతుడి రంగును బట్టి వచ్చిన తేడాయే గట్టిది.

ఎలా పడితే అలా విడదీసినా నిజం తేలదు. హతుడి రంగు తీర్పుకు ముందే ఉన్న విషయం, ఏ నేరం మోపాలన్న ప్రాసిక్యూటర్ నిర్ణయాన్ని సైతం ప్రభావితం చేయగల విషయం. అందుకే ఇక్కడ ఆ విభజన సబబు.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకొకటి పరిశోధన పత్రాల్లో తరచు కనిపిస్తుంది. ప్రాంతాల సగటులు చూసి మనుషుల గురించి తేల్చెయ్యడం. దీన్ని 1950లో రాబిన్సన్ బయటపెట్టాడు. 1930 అమెరికా జనాభా లెక్కల ప్రకారం, విదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. అయితే వలస వచ్చినవాళ్ళే చదువరులా? మనిషిమనిషికీ లెక్క చూస్తే వాళ్ళలోనే నిరక్షరాస్యులు కాస్త ఎక్కువ. వాళ్ళు పనుల కోసం చేరింది స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాలకు; ఆ సగటు స్థానికులది. పత్రంలోని పట్టికలో ఒక్కొక్క వరస మనిషిదా, రాష్ట్రానిదా అన్నది చూస్తే ఈ తప్పు అక్కడే దొరికిపోతుంది.