తాళి ముడి పడిన ఆ ఫ్రేమే కావాలంటే

తాళి ముడి పడే క్షణం ఒక్కోసారి ఫొటోలకు చిక్కదు, వీడియోలో మాత్రం ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో ఒక్కో బొమ్మ తెరమీద నిలిచేది 40 మిల్లీసెకన్లే. ఒక్క ఫ్రేము పక్కకు జరిగినా పెళ్లికూతురి కళ్లు మూసుకుపోయి ఉండవచ్చు.

అపోహ: వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీస్తే చాలు.

స్క్రీన్‌షాట్‌లో పడేది తెర. 1920×1080 వీడియోను 1366×768 లాప్‌టాప్‌లో చూస్తుంటే, ఫొటో కూడా ఆ చిన్న కొలతకే కుదించుకుపోతుంది. ఫైల్లో ఉన్న పూర్తి కొలత కావాలంటే ప్లేయర్ చేతే ఫ్రేమును సేవ్ చేయించాలి. ఎంపీవీ అనే ఉచిత ప్లేయర్ ఇందుకు చాలా అనువు. వీడియో ఆపి `.` నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, `,` నొక్కితే ఒక ఫ్రేము వెనక్కు జరుగుతుంది. కావలసిన బొమ్మ రాగానే పెద్ద `S` నొక్కితే, సబ్‌టైటిల్స్ లేకుండా వీడియో అసలు కొలతలోనే సేవ్ అవుతుంది.

అపోహ: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో `-ss`ను ఫైలు పేరుకు ముందు రాస్తే కచ్చితమైన ఫ్రేము రాదు.

ఒకప్పుడు ఇది నిజమే. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అక్కడక్కడా ఒక కీఫ్రేము పూర్తిగా ఉంటుంది, మధ్యవాటిలో ఎక్కువగా మార్పులే నమోదవుతాయి. పాత వెర్షన్లు దగ్గరి కీఫ్రేముకు దూకి ఆగిపోయేవి. 2013లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి, కీఫ్రేముకు దూకాక అక్కడినుంచి డీకోడ్ చేసుకుంటూ అడిగిన చోటికే వస్తుంది. `-c copy` వాడి వీడియో ముక్క కోసేటప్పుడు మాత్రం పాత ఇబ్బంది ఇంకా ఉంది.

మన ముడి 12 నిమిషాల 40.52 సెకన్ల దగ్గర ఉందనుకుందాం, అంటే 760.52 సెకన్లు. సరిగ్గా ఆ అంకె ఇస్తే దశాంశాల సర్దుబాటులో పక్క ఫ్రేము రావచ్చు. అందుకే అర ఫ్రేము వెనక్కి, 760.50 ఇవ్వడం మేలు. ముందు ఫ్రేము 760.48 దగ్గరే మొదలైపోయింది కాబట్టి, ఆ తర్వాత దొరికేది మనదే.

```
ffmpeg -ss 760.50 -i pelli.mp4 -frames:v 1 thali.png
```

సమయాన్ని 25తో గుణించి ఫ్రేము నంబరు లెక్కకట్టే అలవాటు ఫోన్ వీడియోలకు పనికిరాదు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మారుస్తాయి. అక్కడ సమయాన్నే నమ్ముకోవాలి.

అపోహ: పీఎన్‌జీగా సేవ్ చేస్తే స్పష్టత పెరుగుతుంది.

పెరగదు. ఉన్నది పోకుండా ఉంటుంది, అంతే. వీడియో తీసినప్పుడే చెయ్యి కదిలి అలికినట్టు పడితే ఏ ఫార్మాటూ దాన్ని సరిచేయలేదు. అలాంటప్పుడు అటూ ఇటూ నాలుగైదు ఫ్రేములు చూసి, చెయ్యి నిలిచిన దాన్ని ఎంచుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ అప్పటికే బాగా కుదించి ఉంటుంది, కనుక వీడియోగ్రాఫర్ దగ్గరున్న అసలు ఫైలే అడగండి. అప్పుడు కూడా 1920×1080 ఫ్రేము అంటే దాదాపు 20 లక్షల పిక్సెళ్లే. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తు వస్తుంది. ఆల్బమ్ పేజీలో ఒక మూలకు చక్కగా సరిపోతుంది, గోడకు పెట్టే పెద్ద ఫ్రేముకు చాలదు.