పుస్తకంలో లాభం నలభై లక్షలు, పన్ను ఎంత మీద?

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు కంపెనీ ఉందనుకుందాం. ఊహకు తీసుకున్నదే, కానీ ఇందులో చెప్పబోయే ఖర్చులన్నీ ఏ మిల్లు పుస్తకాలు తెరిచినా కనిపించేవే. 2024-25 ఆర్థిక సంవత్సరానికి దాని లాభనష్టాల ఖాతాలో పన్నుకు ముందు లాభం 40,00,000 రూపాయలు తేలింది. కంపెనీ 115బిఎఎ సెక్షన్ ఎంచుకుంది. అంటే పన్ను 22 శాతం, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, ఆ రెండింటి మీద 4 శాతం సెస్సు. అన్నీ కలిస్తే 25.168 శాతం. నలభై లక్షల మీద ఈ రేటు వేస్తే 10,06,720 రూపాయలు వస్తుంది. చాలామంది యజమానులు మనసులో వేసుకునే లెక్క ఇదే. అది తప్పు. పైగా ఒకచోట కాదు, రెండుచోట్ల తప్పు. కట్టాల్సిన పన్నూ అది కాదు, లాభనష్టాల ఖాతాలో చూపాల్సిన పన్నూ అది కాదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. పుస్తకం రాసేవాడు మిల్లుకు అయిన ఖర్చునంతా ఖర్చుగానే రాస్తాడు, రాయాలి కూడా. ఆదాయపు పన్ను చట్టం మాత్రం అందులో కొన్నింటిని ఎప్పటికీ ఒప్పుకోదు, కొన్నింటిని ఈ ఏడాదికి ఒప్పుకోదు. అందుకే పన్ను లెక్క పుస్తక లాభంతో మొదలవుతుంది. చట్టం ఒప్పుకోని ఖర్చులను దానికి తిరిగి కలుపుతారు, చట్టం విడిగా ఇచ్చే మినహాయింపులను తీసేస్తారు. కలిపేటప్పుడే ప్రతి మొత్తం పక్కన ఒక మాట రాసుకోవాలి: ఇది శాశ్వతంగా పోయిందా, ముందు ముందు తిరిగి వస్తుందా? ఆ ఒక్క మాట రాసుకోకపోవడం వల్లే చివర్లో ఎంట్రీ తప్పుతుంది.

ముందు శాశ్వతంగా పోయేవి చూద్దాం. లారీలో పరిమితికి మించి లోడు వేసినందుకు కట్టిన జరిమానాలు ఏడాదికి 60,000 అయ్యాయి. చట్టాన్ని అతిక్రమించినందుకు కట్టిన సొమ్మును 37వ సెక్షన్ వ్యాపార ఖర్చుగా ఒప్పుకోదు. సరుకు ఆ లారీలోనే వెళ్లింది, డబ్బూ అందులోనే వచ్చింది అని వాదించినా లాభం లేదు.

రెండోది నగదు. గోనె సంచుల వ్యాపారికి ఒకే రోజున 90,000 రూపాయలు నోట్లుగా ఇచ్చారు. ఒక రోజులో ఒక మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే 40ఎ(3) కింద ఆ ఖర్చు మొత్తం పోతుంది. పదివేలకు పైనున్న భాగం మాత్రమే పోతుందని అనుకునేవాళ్లున్నారు. కాదు, తొంభై వేలూ పోతాయి. బిల్లును పదివేల చొప్పున ముక్కలు చేసి అదే రోజు ఇచ్చినా అంతే, రోజంతటికీ కలిపే చూస్తారు. లారీ కిరాయిలకు మాత్రం ఈ పరిమితి 35,000. రైస్‌మిల్లుకు పెద్ద ఊరట మరొకటి ఉంది. ధాన్యం పండించిన రైతుకే నేరుగా నగదు ఇస్తే 6డిడి నిబంధన ప్రకారం ఈ పరిమితి వర్తించదు. అదే ధాన్యాన్ని మధ్యలో ఒక వ్యాపారి దగ్గర కొని నోట్లు లెక్కపెట్టి ఇస్తే ఆ రక్షణ ఉండదు. అందుకే కొనుగోలు రసీదు మీద రైతు పేరు, ఊరు, సంతకం ఉండడం ఈ లెక్కలో చాలా విలువైన విషయం.

మూడోది నాకు మిగతావాటికన్నా బాధ కలిగించేది. కూలీల జీతం నుంచి కోసిన పీఎఫ్ వాటా 40,000 రూపాయలను ఒక నెల ఆలస్యంగా కట్టారు. మరుసటి నెల 15వ తేదీ దాటితే చాలు, ఆ మొత్తం యజమాని ఆదాయంలో కలిసిపోతుంది, తర్వాత కట్టినా తిరిగి రాదు. రిటర్ను వేసే గడువులోపు కడితే చాలునని చాలా ఏళ్లు కొన్ని హైకోర్టులు అన్నాయి. చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కార్మికుడి డబ్బు యజమాని చేతిలో ఉంచిన సొమ్మే తప్ప యజమానిది కాదన్నది ఆ తీర్పులోని ఆలోచన. కఠినమే అయినా న్యాయమైనదని నా అభిప్రాయం. యజమాని తన సొంత వాటాకు మాత్రం రిటర్ను గడువు వరకు వెసులుబాటు అలాగే ఉంది.

ఈ మూడూ కలిపి 1,90,000.

ఇప్పుడు తిరిగి వచ్చేవి. బియ్యం అమ్మిపెట్టిన బ్రోకరుకు 2,00,000 కమీషన్ ఇచ్చారు, టీడీఎస్ కోయడం మరిచారు. దీనికి శిక్ష మొత్తం మీద కాదు, 30 శాతం మీద. అంటే 60,000 కలుపుతాం. ఆ టీడీఎస్‌ను తర్వాత ఏ సంవత్సరంలో కడితే ఆ సంవత్సరంలో ఈ 60,000 ఖర్చుగా దొరుకుతుంది.

మరొకటి ఈమధ్య వచ్చిన నిబంధన. ఊక ఒలిచే యంత్రానికి వేసే రబ్బరు రోలర్లను ఒక చిన్న తయారీదారు జనవరి 10న 3,00,000 రూపాయలకు సరఫరా చేశాడు, అతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. 45 రోజుల్లో ఇస్తామని రాతపూర్వక ఒప్పందం. ఫిబ్రవరి 24తో గడువు తీరింది, డబ్బు ఏప్రిల్‌లో ఇచ్చారు. రోలర్లు మాత్రం మార్చి లోపే అరిగిపోయి ఖర్చులో చేరాయి. 43బి(హెచ్) ప్రకారం ఈ మూడు లక్షలు ఈ ఏడాది ఒప్పుకోరు, చెల్లించిన ఏడాది ఒప్పుకుంటారు. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. బోనస్‌కు, జీఎస్టీకి ఉన్నట్టుగా రిటర్ను గడువు వరకు ఆగే సౌకర్యం దీనికి లేదు, మార్చి 31 నాటికి చెల్లించి ఉండాలి. ఇది సూక్ష్మ, చిన్న తయారీదారులకూ సేవలందించేవారికీ చెందిన రక్షణ. మధ్యతరహా సంస్థలకూ, కొని అమ్మే వ్యాపారులకూ ఇది వర్తించదు. అందుకే సరఫరాదారు ఉద్యమ్ సర్టిఫికెట్ ఏ వర్గమని చెబుతుందో ముందే అడిగి ఫైల్లో పెట్టుకోవాలి.

మిగిలింది తరుగుదల. కంపెనీల చట్టం యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుందో చూస్తుంది, పన్ను చట్టం మామూలు యంత్రాలన్నింటినీ ఒక గుంపుగా చేసి మిగిలిన విలువ మీద 15 శాతం ఇస్తుంది. మన మిల్లు పుస్తకాల్లో 9,00,000 రాసింది, పన్ను లెక్కలో 13,00,000 వచ్చింది. తొమ్మిది లక్షలు కలిపి పదమూడు లక్షలు తీసేస్తాం. ఇక్కడ ఈ ఏడాది నాలుగు లక్షలు లాభపడ్డట్టు కనిపిస్తుంది గానీ, ఇప్పుడు ఎక్కువ తీసుకున్నది ముందు ఏళ్లలో తక్కువగా వస్తుంది.

లెక్క ఇలా తేలుతుంది. నలభై లక్షలకు పుస్తకంలోని తరుగుదల తొమ్మిది లక్షలు, శాశ్వతంగా పోయిన 1,90,000, తిరిగి వచ్చే 3,60,000 కలిపితే 54,50,000. అందులోంచి పదమూడు లక్షలు తీస్తే పన్ను పడే ఆదాయం 41,50,000. దాని మీద పన్ను 9,13,000, సర్‌ఛార్జి 91,300, సెస్సు 40,172. మొత్తం 10,44,472.

ఇది ప్రభుత్వానికి కట్టాల్సిన మాట. పుస్తకంలో మొదటి ఎంట్రీ దీనికే:

ప్రస్తుత పన్ను వ్యయం ఖాతా డెబిట్ 10,44,472
ఆదాయపు పన్ను ప్రొవిజన్ ఖాతాకు 10,44,472

కంపెనీలకు పని ఇక్కడితో ఆగదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 22 ప్రకారం తిరిగి వచ్చే తేడాల మీది పన్నునూ ఈ ఏడాదే గుర్తించాలి. తరుగుదల వల్ల ముందు ముందు పన్ను పడే మొత్తం 4,00,000. బ్రోకరు కమీషన్, రోలర్ల వల్ల ముందు ముందు తగ్గే మొత్తం 3,60,000. నికరంగా 40,000 మీద 25.168 శాతం, అంటే 10,067 రూపాయలు.

వాయిదా పన్ను వ్యయం ఖాతా డెబిట్ 10,067
వాయిదా పన్ను బాధ్యత ఖాతాకు 10,067

లాభనష్టాల ఖాతాలో పన్ను మొత్తం 10,54,539. ఈ అంకె సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పుస్తక లాభానికి శాశ్వతంగా పోయినవాటిని మాత్రమే కలిపి రేటు వేయండి. 41,90,000 మీద 25.168 శాతం కట్టి చూడండి, పైసలు వదిలేస్తే అదే 10,54,539 వస్తుంది. రాలేదంటే, శాశ్వతమైనదాన్ని తిరిగి వచ్చేదిగానో, తిరిగి వచ్చేదాన్ని శాశ్వతమైనదిగానో రాశారన్నమాట. రేటు మధ్యలో మారిన సంవత్సరంలో మాత్రం ఈ పరీక్ష నేరుగా కుదరదు, పాత వాయిదా పన్ను నిల్వను కొత్త రేటుకు మార్చిన తేడా కూడా అందులో చేరుతుంది.

చిన్న ఆఫీసుల్లో తరచుగా కనిపించే పొరపాటు ముందస్తు పన్నుతో జరుగుతుంది. ఏడాదిలో నాలుగు విడతల్లో కట్టిన తొమ్మిది లక్షలను గుమాస్తా ‘పన్నులు, ఫీజులు’ ఖాతాలో ఖర్చుగా రాసేస్తాడు. ఆదాయపు పన్ను ఖర్చు కాదని 40(ఎ)(ii) చెబుతుంది, పుస్తకంలోనూ అది అప్పటికి ఖర్చు కాదు, ప్రభుత్వం దగ్గర ఉన్న మన సొమ్ము. ముందస్తు పన్ను ఖాతాను ఆస్తిగా ఉంచి, ఏడాది చివర ప్రొవిజన్‌తో సరిపెట్టాలి. మన మిల్లుకు తొమ్మిది లక్షల ముందస్తు పన్ను, ఇతరులు కోసిన యాభై వేల టీడీఎస్ పోను, రిటర్ను ముందు కట్టాల్సింది 94,472. మార్చి 15 నాటికి పూర్తిగా కట్టనందుకు పడే వడ్డీ దీనికి అదనం. ఖర్చుగా రాసిన పుస్తకంలో లాభం నలభై బదులు ముప్పై ఒక్క లక్షలే కనిపిస్తుంది. అది కలపకుండా లెక్క మొదలుపెడితే కింద ఉన్న ప్రతి అంకె తప్పే.

దానికన్నా నష్టం కలిగించేది మరో మరుపు. రోలర్ల మూడు లక్షలు ఏప్రిల్‌లో చెల్లించేశారు. మరుసటి ఏడాది పన్ను లెక్కలో ఆ మొత్తాన్ని తీసేయాలి. కానీ ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో ఆ ఖర్చు జాడే ఉండదు, ఎందుకంటే అది ముందు ఏడాదే రాసేశారు. అకౌంటెంటు మారితే, ఆడిటర్ మారితే గుర్తుచేసేవారూ ఉండరు. ఆ ఒక్క మరుపు ఖరీదు 75,504 రూపాయలు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది, సెక్షన్ల అంకెలు మారతాయి. కాబట్టి పాత ఏడాది ఒప్పుకోని ఖర్చులను సెక్షను నంబరుతో కాకుండా పేరుతో, మొత్తంతో, ఎవరికి చెల్లించాలో రాసి ఒక పట్టీగా ఉంచుకోండి. ఈసారి మీ ఆడిటర్‌ను కలిసినప్పుడు నిరుటి పన్ను ఆడిట్ నివేదిక ఫారం 3సిడిలో 26వ క్లాజు తెరిచి, అందులో చెల్లించలేదని రాసినవాటిలో ఈ ఏడాది చెల్లించినవన్నీ కొత్త లెక్కలో తీసేశారో లేదో మీరే ఒక్కొక్కటిగా సరిచూడండి.