చిరునామా ఒకటే, ప్రశ్నలు వేలు

చిరునామా ఇస్తే దాని అక్షాంశ రేఖాంశాలు చెప్పడమే జియోకోడింగ్. మ్యాప్ మీద గుర్తు పెట్టాలన్నా, డెలివరీకి దారి వేయాలన్నా యాప్‌కు ముందు ఈ రెండు అంకెలు కావాలి. వాటి కోసం అది ఇంటర్నెట్‌లోని ఒక సేవకు ఇలాంటి ప్రశ్న పంపుతుంది:

```
https://nominatim.openstreetmap.org/search?q=Kukatpally,Hyderabad&format=jsonv2&limit=1
```

ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ సేవ. డబ్బు అడగదు. విరాళాల మీద నడిచే సర్వర్లు కాబట్టి నియమాలు మాత్రం గట్టివి. సెకనుకు ఒక ప్రశ్న మించకూడదు. అడుగుతున్న యాప్ ఏదో User-Agent లో తెలపాలి. వాడేవారు ఒక్కో అక్షరం టైప్ చేస్తుంటే ఒక్కో ప్రశ్న పంపే ఆటోకంప్లీట్‌కు దీన్ని వాడనే కూడదు. ఈ సెకనుకు ఒకటి అన్నది ఒక్కో ఫోన్‌కు కాదు, యాప్ మొత్తానికి. వెయ్యిమంది ఫోన్లలోంచి నేరుగా అడిగించినా అవన్నీ కలిపే లెక్కకు వస్తాయి. అందుకే ప్రశ్నలన్నీ సొంత సర్వర్ గుండా, ఒకే వరుసలో వెళ్లాలి.

ఒక మందుల పంపిణీ సంస్థకు 300 దుకాణాలు ఉన్నాయనుకుందాం. ఆఫీసులో మ్యాప్ పేజీ తెరిచిన ప్రతిసారీ యాప్ ఆ 300 చిరునామాలనూ కొత్తగా అడుగుతుంది. రోజుకు పదిసార్లు తెరిస్తే 3,000 ప్రశ్నలు, నెలకు 90,000. దుకాణాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇదే పని గూగుల్ జియోకోడింగ్ సేవతో చేస్తే బిల్లు వస్తుంది. 2025 మార్చి నుంచి అమల్లో ఉన్న సాధారణ ధరల పట్టిక ప్రకారం నెలకు మొదటి 10,000 ప్రశ్నలు ఉచితం, ఆపైన లక్ష వరకు వెయ్యికి 5 డాలర్లు. అంటే 80,000 ప్రశ్నలకు 400 డాలర్లు. భారత్‌కు వేరే పట్టిక ఉంది, అందులో భారం తక్కువ. అయినా తెలిసిన జవాబునే మళ్లీ మళ్లీ కొనడం మాత్రం మారదు.

ఒకసారి వచ్చిన జవాబును సొంత డేటాబేస్‌లో దాచి, తర్వాత అక్కడినుంచే తీసుకోవడాన్ని క్యాషింగ్ అంటారు. అది పెట్టగానే 90,000 కాస్తా మొదటి 300కు, ఆపైన కొత్త దుకాణాలకు పరిమితమవుతుంది. నామినాటిమ్ నుంచి ఆ 300 తెచ్చుకోవడానికి సెకనుకు ఒకటి చొప్పున ఐదు నిమిషాలు చాలు.

ఎంతకాలం దాచవచ్చో లైసెన్సు చెబుతుంది. గూగుల్ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి ఉంచుకోకూడదు. ప్లేస్ ఐడీ అనే గుర్తింపును మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. నామినాటిమ్ నియమాలైతే జవాబులను దాచుకోమనే చెబుతాయి. డెలివరీ మనిషి దుకాణం ముందు నిలబడి తన ఫోన్ జీపీఎస్‌తో నమోదు చేసిన స్థానం సంస్థ సొంత సమాచారం. చాలాసార్లు జియోకోడింగ్ జవాబు కన్నా అదే కచ్చితం.

అసలు చిక్కు చిరునామా రాసే తీరులో వస్తుంది. ఒకరు ‘కేపీహెచ్‌బీ కాలనీ’ అని, ఇంకొకరు చుక్కలు పెట్టి ‘కె.పి.హెచ్.బి. కాలనీ’ అని రాస్తారు. అక్షరం అక్షరం పోల్చే యాప్‌కు అవి రెండు వేర్వేరు చిరునామాలు. అందుకని వెతికే ముందు అదనపు ఖాళీలు, చుక్కలు తీసేసి, పొట్టి రూపాలను ఒకే రకంగా మార్చాలి. ‘రామాలయం ఎదురుగా’ వంటి గుర్తులను వేరే గడిలో ఉంచాలి. ఈ శుభ్రత శ్రుతిమించినా ముప్పే. అడ్డగీత తీసేస్తే 5-42, 54-2 రెండూ 542 అయిపోతాయి, ఒక ఇంటి సరుకు ఇంకో ఇంటికి చేరుతుంది. ఇంటి నంబరును కదపకూడదు.

దొరకని చిరునామాలను చాలామంది మరిచిపోతారు. నామినాటిమ్‌కు ఏమీ దొరక్కపోతే ఖాళీ జాబితా `[]` వస్తుంది. జవాబు లేదు కదా అని దాచకుండా వదిలేస్తే, ఆ చిరునామాను పేజీ తెరిచినప్పుడల్లా మళ్లీ అడుగుతూనే ఉంటుంది. ‘దొరకలేదు’ అన్నదాన్ని కూడా కొద్ది రోజుల గడువుతో దాచాలి. ఈలోగా ఎవరైనా చిరునామా సరిదిద్దితే కొత్తగా అడగవచ్చు.

పరిమితి దాటితే సర్వర్ 429 అనే కోడ్ పంపుతుంది. వెంటనే మళ్లీ అడిగితే గుంపు ఇంకా పెరుగుతుంది, పట్టుబట్టి అడిగే యాప్‌ను పూర్తిగా ఆపేయనూ వచ్చు. జవాబుతో పాటు Retry-After వస్తే అందులో చెప్పినంతసేపు ఆగాలి. రాకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ విరామం పెంచుకుంటూ పోవాలి. 429ను ‘దొరకలేదు’ కింద దాచడం పెద్ద పొరపాటు, మంచి చిరునామాలు కూడా మ్యాప్‌లోంచి మాయమవుతాయి.

క్యాష్ సరిగా పనిచేస్తోందా అన్నది రోజువారీ లాగ్‌లో తెలుస్తుంది. ఆ రోజు బయటికి వెళ్లిన ప్రశ్నలు, కొత్తగా చేరిన లేదా గడువు తీరిన చిరునామాలు దాదాపు సమానంగా ఉండాలి. ప్రశ్నలు బాగా ఎక్కువైతే చిరునామా పోల్చే చోటో, ఖాళీ జవాబుల దగ్గరో లోపం ఉన్నట్టే.

నిజంగానే రోజూ లక్షల కొత్త చిరునామాలు వచ్చే సంస్థకు క్యాష్ ఒక్కటే సరిపోదు. నామినాటిమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు. ప్రపంచం మొత్తానికైతే 128 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ దాకా వేగమైన డిస్కు అవసరమవుతాయి. ఒక్క దేశం డేటా అయితే అందులో కొంత భాగమే చాలు.