దుకాణంలో కలిసిన రంగు ఎండలో ఎందుకు విడిపోతుంది?

ఒక దీపం కింద ఒకే రంగుగా కనిపించిన రెండు గుడ్డలు మరో వెలుతురులోకి రాగానే వేర్వేరు రంగులుగా తేలడాన్ని మెటామెరిజం అంటారు. చీరకు జాకెట్ ముక్క కొనేవాళ్లకు ఇది బాగా ఎదురయ్యే ఇబ్బంది. మ్యాచింగ్ సెంటర్‌లో చీర మీద వేసి చూసినప్పుడు అచ్చు గుద్దినట్టు సరిపోయిన ముక్క, కుట్టించి కట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఒక ఛాయ ఎర్రగానో పచ్చగానో కొడుతుంది. రంగు వెలిసిందనో, దుకాణంవాళ్లు ముక్క మార్చి ఇచ్చారనో అనుమానం వస్తుంది. నిజానికి గుడ్డలో ఏ మార్పూ ఉండదు, మారినది వెలుతురు.

గుడ్డకు దానంతట దానికి రంగు అంటూ స్థిరంగా ఉండదు. దానికి ఉన్నది ఒక గుణం మాత్రమే: తన మీద పడిన కాంతిలో ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పీల్చుకోవాలి, ఎంత తిప్పి పంపాలి అన్నది. మనిషి కంటికి కనిపించే కాంతి సుమారు 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ముదురు ఎరుపు వరకు ఉంటుంది. ఈ మేరంతటా ఏ చోట ఎంత శాతం వెనక్కి వస్తోందో కొలిచి గీస్తే ఆ గుడ్డకు ఒక గీత వస్తుంది. దాన్ని పరావర్తన గీత అంటారు. అద్దకంలో వాడిన రంగులే ఆ గీత ఎగుడుదిగుడులను నిర్ణయిస్తాయి. గుడ్డను ఏ దీపం కిందకు తీసుకెళ్లినా ఆ గీత మారదు.

కంటికి మాత్రం ఆ గీత మొత్తం కనిపించదు. రెటీనాలో రంగును పసిగట్టే శంకు కణాలు మూడు రకాలే. ఒక రకం నీలం వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఇంకొకటి పసుపు నుంచి ఎరుపు దాకా ఎక్కువగా స్పందిస్తాయి. ప్రతి రకమూ తన పరిధిలోకి వచ్చిన కాంతినంతా కలిపేసుకుని మెదడుకు ఒకే ఒక్క మొత్తాన్ని అందిస్తుంది. ఆ మొత్తం ఏ తరంగదైర్ఘ్యం నుంచి ఎంత వచ్చిందన్న వివరం అక్కడే చెరిగిపోతుంది. అంటే వందల చుక్కల గీత మెదడుకు చేరేసరికి మూడు అంకెలకు కుదించుకుపోతుంది. రెండు గుడ్డల గీతలు వేరైనా ఆ మూడు అంకెలూ సమానమైతే కంటికి అవి ఒకే రంగు.

కిరాణా కొట్టు బిల్లుతో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండు సంచుల్లో వేర్వేరు సరుకులున్నా ఒక కొట్టు ధరల ప్రకారం రెండింటి బిల్లూ ఒకటే కావచ్చు. అవే సంచులు ఇంకో కొట్టుకు తీసుకెళ్లి అక్కడి ధరలు కట్టిస్తే బిల్లులు వేరవుతాయి. సరుకులు గుడ్డ పరావర్తనమైతే ధరలు దీపం కాంతి. ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత విలువ ఇవ్వాలో దీపమే నిర్ణయిస్తుంది. తన కాంతిలో లేని తరంగదైర్ఘ్యానికి విలువ సున్నా, కాబట్టి అక్కడ గుడ్డ ఎలా ప్రవర్తించినా కంటికి తెలిసే దారి లేదు.

ఉదాహరణకు బూడిద రంగు తీసుకోవచ్చు. ఒక గుడ్డ కనిపించే కాంతినంతా ఎక్కడా తేడా లేకుండా 20 శాతం చొప్పున తిప్పి పంపుతుంది అనుకుందాం. దాని గీత చదునుగా ఉంటుంది. రెండో గుడ్డను పసుపు, ఎరుపు, నీలం రంగులు కలిపి అదే బూడిద ఛాయకు తెచ్చారు. మూడు రంగులు కలిసినచోట గీత అలలా లేచి పడుతుంది. నీలం, ఆకుపచ్చ, నారింజ ప్రాంతాల్లో మూడు చోట్ల అదీ సరిగ్గా 20 శాతం దగ్గరే ఉంది. అయితే 490 నానోమీటర్ల దగ్గర 15కు దిగింది, 650 దాటాక 35కు ఎక్కింది. ముదురు ఎరుపు చివర ఇలా పైకి లేవడం చాలా నీలం అద్దకపు రంగులకు ఉన్న గుణమే.

చాలా దుకాణాల్లో ఏళ్ల తరబడి వెలిగినవి మూడు పట్టీల ట్యూబులైట్లు. వాటి తెలుపు నిండైన తెలుపు కాదు. వాటి కాంతిలో ఎక్కువ భాగం సుమారు 436, 545, 611 నానోమీటర్ల దగ్గర మూడు సన్నని పట్టీలుగా పోగుపడి ఉంటుంది. మధ్యలో కొంచెం కొంచెం కాంతి ఉన్నా అది అంతగా లెక్కలోకి రాదు. కంటికి తెల్లగా కనిపించడానికి ఆ మూడు చాలు, కరెంటూ ఆదా అవుతుంది. పై రెండు బూడిద గుడ్డలను ఈ ట్యూబు కింద పక్కపక్కన పెడితే, కాంతి బలంగా ఉన్న మూడు చోట్లా రెండూ 20 శాతమే తిప్పి పంపుతాయి. ఎంత నిదానంగా చూసినా తేడా చిక్కదు.

బయటికి తెస్తే కథ మారుతుంది. పగటి వెలుతురులో మధ్యలో ఖాళీలు లేవు, 490 దగ్గరా 650 దగ్గరా కూడా కాంతి దండిగా ఉంటుంది. రెండో గుడ్డ ఇన్నాళ్లూ దాచుకున్న పల్లాలూ మెట్టలూ ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. నీలి ఆకుపచ్చ ప్రాంతంలో తగ్గింది, ఎరుపు చివర పెరిగింది. చదును గీత గుడ్డ బూడిద రంగుగానే నిలిస్తే, దాని పక్కనున్నది ఎర్ర జీర పట్టినట్టు కనిపిస్తుంది.

ఈ రోజుల్లో ఎల్ఈడీలు వచ్చాయి కాబట్టి చిక్కు తీరిందనుకోవడానికి లేదు. మామూలు తెల్ల ఎల్ఈడీ అంటే 450 నానోమీటర్ల దగ్గర వెలిగే నీలం చిప్, దాని మీద పసుపు వైపు విశాలంగా వెలిగే ఫాస్ఫర్ పూత. ఆ రెండింటి మధ్య, 480 ప్రాంతంలో ఒక గుంట ఉంటుంది. చవక రకాల్లో ముదురు ఎరుపు కూడా పలచనే. ట్యూబుకన్నా నయమే అయినా పగటి వెలుతురుకు సాటి కాదు.

చీర ఒక్కటే చూస్తే మాత్రం ఈ తేడా ఎవరికీ పట్టదు. ఇంట్లోంచి బయటికి వచ్చినప్పుడు వెలుతురు మొత్తం రంగు మారినా కన్ను కాసేపట్లో సర్దుకుంటుంది, తెల్ల కాగితం రెండు చోట్లా తెల్లగానే అనిపిస్తుంది. ఒక్క గుడ్డలో వచ్చిన చిన్న మార్పును ఈ సర్దుబాటు మింగేస్తుంది. రెండు గుడ్డలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండి, ఒకటి ఒక వైపుకు, ఇంకొకటి మరో వైపుకు జరిగినప్పుడు కంటికి ఆ సర్దుబాటు చేతకాదు. అందుకే ఈ చిక్కు జాకెట్టుకూ చీరకూ, చున్నీకీ కమీజుకూ, కోటుకూ ప్యాంటుకూ మధ్యే వస్తుంది.

రెండు గుడ్డలకూ ఒకే రంగులు వాడితే సరిపోదా? సరిపోతుంది, అదే పక్కా పరిష్కారం. ఒకే రంగులు ఒకే పాళ్లలో పడితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ఏ దీపం కిందా విడిపోవు. చిక్కంతా నూలు, పట్టు, పాలిస్టర్‌లకు ఒకే రంగులు పట్టకపోవడంలో ఉంది. నూలుకు ఎక్కువగా రియాక్టివ్ రంగులు వాడతారు, పట్టుకు యాసిడ్ రంగులు, పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు. వీటి అణువులు వేరు, అవి పీల్చుకునే తరంగదైర్ఘ్యాలూ వేరు. పట్టుచీర మీదికి నూలు జాకెట్ ముక్క కొన్నప్పుడు, గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ ఒకే రంగు కావాలన్నప్పుడు, అద్దకందారు ఎంత నేర్పరి అయినా రెండు గీతలను పూర్తిగా కలపలేడు. ఒక వెలుతురులో కలిపి, మిగతా వాటిలో తేడాను వీలైనంత తగ్గించగలడు, అంతే.

అన్ని రంగులకూ ఈ బెడద సమానంగా ఉండదు. నిమ్మపండు పసుపు, ముదురు నారింజ లాంటి నిఖార్సైన రంగులను తేవడానికి దారులు తక్కువ, కాబట్టి రెండు గుడ్డల గీతలు దాదాపు ఒకేలా ఉంటాయి. బూడిద, ఖాకీ, గోధుమ, మెహందీ ఆకుపచ్చ, వంకాయ రంగు లాంటి మగ్గిన ఛాయలను రకరకాల మిశ్రమాలతో తేవచ్చు. విడిపోయేవి ఎక్కువగా ఇవే.

పెద్ద డైయింగ్ యూనిట్లలో దీన్ని గుడ్డ బయటికి పోకముందే పట్టుకుంటారు. అక్కడ బూడిద రంగు పూసిన లైట్ బాక్స్ ఉంటుంది. నమూనాను, అద్దిన గుడ్డను ఆనించి పెట్టి ఒక్కో దీపం మారుస్తారు: పగటి వెలుతురుకు ప్రమాణమైన డీ65, దుకాణపు ట్యూబును పోలిన టీఎల్84, పాత ఫిలమెంటు బల్బును పోలిన ఏ. మూడింటి కిందా నిలిస్తే గుడ్డ పాస్. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్నచోట రెండు పరావర్తన గీతలనూ ఒకే తెర మీద చూస్తారు. ఒక దీపం కింద కలిసే మెటామెరిక్ జతలో గీతలు సాధారణంగా కనీసం మూడు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. కలిశాయని కన్ను చెబుతున్నా గీతలు అల్లుకుపోయి ఉంటే, ఆ రెండు గుడ్డలు ఎక్కడో ఒకచోట విడిపోతాయని వెలుతురు మార్చకుండానే చెప్పేయవచ్చు.

బయటికి వచ్చాక కనిపించే ప్రతి తేడా మెటామెరిజం కాదు. తెల్ల చీరకు తెల్ల జాకెట్ కుదరకపోతే కారణం చాలాసార్లు తెలుపు పెంచే బ్రైట్నర్. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి కాంతిగా వెదజల్లుతుంది, ఆ కిరణాలు పెద్దగా లేని ఎల్ఈడీ కింద ఆ మెరుపు కనిపించదు. పట్టు, శాటిన్, వెల్వెట్‌లలో పోగు వాలును బట్టి కూడా ఛాయ మారుతుంది. ఇది తేల్చుకోవడానికి వెలుతురు మార్చకుండా గుడ్డను ఉన్నచోటే పావు వంతు తిప్పి చూడాలి. అప్పుడు తేడా పోయినా, పెరిగినా లోపం నేతదీ మెరుపుదీ, రంగుది కాదు.

కొనేటప్పుడు రెండు ముక్కలనూ గుమ్మం దగ్గరికి తెచ్చి, నేరుగా ఎండలో కాకుండా నీడపట్టున, మధ్యలో సందు లేకుండా ఒకదాని అంచు మీద ఒకటి వేసి చూడాలి. ముదురు రంగు గోడ పక్కన చూడకూడదు, గోడ రంగు గుడ్డ మీదికి వస్తుంది. సాయంత్రపు పసుపు వెలుతురుకన్నా పగటి పూట మేలు. ఆ తర్వాత దుకాణంలో పసుపు బల్బు ఎక్కడైనా ఉంటే దాని కింద కూడా పెట్టాలి, ఎందుకంటే పెళ్లి రిసెప్షన్‌లో కట్టే చీరను జనం చూసేది అలాంటి దీపాల కిందే. ఎక్కడ కట్టుకుంటారో ఆ వెలుతురులో కలవడం ముఖ్యం. రెండు చోట్లా కలిసిన జత మూడో చోట విడిపోయే అవకాశం తక్కువే కానీ, అసలు ఉండదని కాదు. ఫోన్‌లో ఫోటో తీసి పంపించి అడగడం ఇక్కడ పనికిరాదు. కెమెరా సెన్సర్‌కూ మూడు రంగుల జల్లెళ్లే ఉంటాయి, అవి కంటి శంకు కణాల్లా ఉండవు. కంటికి కలిసినవి ఫోటోలో విడిపోవచ్చు, విడిపోయినవి కలవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా అత్తాకోడళ్లు ఒకే గుమ్మంలో నిలబడి ఒకే ముక్కను చూస్తూ ఒకరు కలిసిందని, ఒకరు కలవలేదని అనే సందర్భం రావచ్చు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది. శంకు కణాల స్పందన కూడా మనిషికీ మనిషికీ కొంత మారుతుంది. 1931లో అంతర్జాతీయ సంస్థ సీఐఈ నిర్ణయించిన ప్రామాణిక పరిశీలకుడు ఇలాంటి ఎందరి చూపులకో సగటు. యంత్రాలు లెక్క కట్టేది అలాంటి సగటు కంటితోనే. మెటామెరిక్ జత విషయంలో అత్త చెప్పిందీ కోడలు చెప్పిందీ, ఎవరి కంటి మేరకు వారికి, నిజమే.