మెస్ బిల్లు కట్టింది ఎవరు?

‘ఈ నెల నుంచి మెస్ బిల్లు నగదుగా తీసుకోం. ఆఫీసు కిటికీ పక్కనున్న కోడ్ స్కాన్ చేసి కట్టండి.’ హాస్టల్ నోటీసు బోర్డులో వార్డెన్లు చాలామంది ఇంతే రాసి ఊరుకుంటారు. డబ్బు కట్టడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. వచ్చిన డబ్బు ఎవరిదో తేల్చడమే కష్టం.

డివైడింగ్ పద్ధతిలో నడిచే మెస్‌నే తీసుకోండి. బియ్యం, కూరగాయలు, గ్యాస్, వంటవాళ్ల జీతాలు కలిపి నెలకు 3,24,000 రూపాయలు అయ్యాయనుకుందాం. అందరి హాజరూ కలిపితే 2,700 రోజులు. అంటే రోజుకు 120. ఇరవయ్యారు రోజులు తిన్న కుర్రాడు 3,120 కట్టాలి. గోడకు అంటించిన కోడ్‌లో హాస్టల్ యూపీఐ ఐడీ, పేరు ఉంటాయి గానీ ఈ 3,120 ఉండదు. ఎవరి మొత్తం వాళ్లే బోర్డు మీద చూసి కొట్టాలి.

ఆ కుర్రాడి బిల్లు నాన్న ఫోన్ నుంచి వెళ్తే, ఖాతాలో పడేది నాన్న పేరు. అదే నెలలో ఇంకో నలుగురు కూడా ఇరవయ్యారు రోజులే తిని ఉంటే, ఏ 3,120 ఎవరిదో వార్డెన్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే నోట్ గడిలో గది నంబరు, పేరు, నెల రాయమనాలి. అయితే ఆ నోట్ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతిసారీ కనబడుతుందన్న భరోసా లేదు. చెల్లింపు వివరాల్లో యూటీఆర్ అని పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. రిజిస్టర్‌లో తన పేరు ఎదురుగా దాన్ని రాస్తే పేచీ ఉండదు. స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలదా అంటారు పిల్లలు. చాలదు, దాన్ని మార్చడం తేలిక. స్టేట్‌మెంట్‌లో ఆ నంబరు కనబడితేనే కట్టినట్టు.

పిన్ కొట్టేముందు తెరపై వచ్చే పేరు చదవాలి. అసలు కోడ్ మీద వేరే స్టిక్కర్ అంటించిపోయే మోసగాళ్లున్నారు. నోటీసులో రాసిన పేరు కాకుండా ఇంకో పేరు వస్తే అక్కడే ఆపేసి ఆఫీసులో చెప్పాలి. ఇక వార్డెన్ సొంత ఖాతా కోడ్ పెట్టడం నా దృష్టిలో తప్పే. ఆయన బదిలీ అయితే లెక్కలూ ఆయనతోనే పోతాయి.

డబ్బు కట్ అయి, ‘పెండింగ్’ అని చూపిస్తే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకూడదు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం, వ్యాపార ఖాతాకు కట్టిన డబ్బు అందినట్టు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోగా బ్యాంకే తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. కాబట్టి గడువు చివరి రోజు రాత్రి కట్టే అలవాటున్నవాళ్లు యూటీఆర్ నంబరు పట్టుకుని వస్తే, ఆ ఐదు రోజులూ జరిమానా వేయబోమని నోటీసులోనే రాసిపెట్టడం మంచిది.