పరీక్ష ముందు తప్పు పుస్తకం వస్తే: అమ్మకందారుకు ఏం రాయాలి, ఎలా రాయాలి

పాఠ్యపుస్తకాల పార్సిళ్లలో వచ్చే పొరపాట్లు చాలావరకు పూర్తిగా వేరే పుస్తకం వల్ల జరగవు. పేరు, రచయిత, అట్ట రంగు అన్నీ దగ్గరగానే ఉంటాయి. సిలబస్ ఒక్కటే పాతది. హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది మరీ ఎక్కువ. ఆ విశ్వవిద్యాలయం కొన్నేళ్లకోసారి తన రెగ్యులేషన్‌ను మారుస్తుంది. 2018లో చేరినవారికి ఆర్-18, 2022లో చేరినవారికి ఆర్-22 వర్తించాయి. ప్రచురణకర్తలు ప్రతి రెగ్యులేషన్‌కూ విడిగా పుస్తకం వేస్తారు, పాతవి మాత్రం దుకాణాల అరల్లో అలాగే ఉండిపోతాయి. గోదాములో చీటీ చూసి పుస్తకం తీసే పనివాడికి రెండూ గణితమే.

విద్యార్థికి మాత్రం రెండూ ఒకటి కావు. ఆర్-18 మొదటి సెమిస్టర్ గణితంలో సీక్వెన్సులు, సిరీసులు ఒక యూనిట్. ఆర్-22లో ఆ యూనిట్ తీసేశారు. అప్పట్లో రెండో సెమిస్టర్‌లో ఉన్న మల్టిపుల్ ఇంటిగ్రల్స్‌ను మొదటి సెమిస్టర్‌కు తెచ్చి ఐదో యూనిట్‌గా పెట్టారు, సబ్జెక్టు పేరు కూడా ‘మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్’ అని మార్చారు. ఆర్-22 ప్రశ్నపత్రం 60 మార్కులకు ఉంటుంది. ప్రతి యూనిట్ నుంచి ఒక్కో మార్కు ప్రశ్నలు రెండు, పది మార్కుల ప్రశ్న ఒకటి వస్తాయి. పాత పుస్తకంతో కూర్చున్న విద్యార్థి 12 మార్కుల పాఠాన్ని అసలు చూడకుండానే పరీక్షకు వెళ్తాడు. ‘కొంచెం తేడా ఉంటే ఏమైందిలే’ అనే దుకాణదారుకు ఈ లెక్క తెలియదు. ఈమెయిల్ అతనికి చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే, అది కూడా ఒక్క వాక్యంలో.

రాయడానికి ముందు తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవాలి. దీనికి మూడు చోట్లు పోల్చి చూస్తే చాలు: ఆర్డర్ పెట్టిన పేజీ, పార్సిల్ మీది చీటీ, పుస్తకం వెనుక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరుండే ఐఎస్‌బీఎన్. 2007 నుంచి ఈ సంఖ్యకు 13 అంకెలు. భారతీయ ప్రచురణల్లో చాలావాటికి అది 978-81తోనో 978-93తోనో మొదలవుతుంది. అదే పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేస్తే సంఖ్య మారదు. సిలబస్ మారి కొత్త ఎడిషన్ వస్తే మారాలి. అందుకే అట్ట బొమ్మకంటే ఈ అంకెలే నమ్మదగ్గ సాక్ష్యం. చిన్న ప్రచురణకర్తల గైడ్లకు ఒక్కోసారి ఈ సంఖ్య ఉండదు. అప్పుడు అట్ట మీది రెగ్యులేషన్ పేరు, లోపలి విషయసూచికే ఆధారం.

పేజీలో ఆర్-22 ఉండి, చీటీ మీద కూడా ఆర్-22 ఉండి, లోపల ఆర్-18 వస్తే అది గోదాములో జరిగిన పొరపాటు. పేజీలో బొమ్మ ఒకటి, కింద రాసిన ఐఎస్‌బీఎన్ ఇంకొకటి అయితే అమ్మకందారు పేజీనే తప్పుగా పెట్టాడన్నమాట. అతని దగ్గర సరైన పుస్తకం ఉందో లేదో కూడా అనుమానమే కాబట్టి ఆ సంగతి ముందు అడగాలి. పేజీలోనే ఆర్-18 అని స్పష్టంగా ఉండి, తొందరలో విద్యార్థే దాన్ని నొక్కితే తప్పు విద్యార్థిదే. అప్పుడు ఫిర్యాదు మాట వదిలేసి, రానుపోను రవాణా ఖర్చు తానే పెట్టుకుంటానని చెప్పి మార్పిడి అడగడం మర్యాద. చాలామంది దుకాణదారులు ఇందుకు ఒప్పుకుంటారు కూడా. కోపంగా రాసి, తర్వాత తప్పు తనదేనని తేలితే మాత్రం పని జరగదు.

ఇక అమ్మకందారు వైపు నుంచి చూడాలి. మామూలు మార్పిడి పద్ధతిలో కొరియర్ మనిషి వచ్చి పుస్తకం తీసుకెళ్తాడు, అది గోదాముకు చేరుతుంది, అక్కడ ఎవరో విప్పి చూస్తారు, ఆ తర్వాతే కొత్తది బయలుదేరుతుంది. ఇందులో ఎవరి అలసత్వం లేకపోయినా వారం ఇట్టే గడుస్తుంది. ‘దయచేసి త్వరగా పంపండి’ అని ఎన్నిసార్లు రాసినా ఈ వరస మారదు. మారాలంటే, పాతది వెనక్కి రాకముందే కొత్తది పంపమని అడగాలి. దానికి దుకాణదారు వెనకాడేది రెండు భయాలతో: పుస్తకం వాడేసి ఉంటారేమో, పంపాక పాతది అసలు తిరిగి రాదేమో. ఆ రెండు భయాలూ తీరేలా రాసిన ఈమెయిలే పని చేయిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కరీంనగర్ జిల్లాలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదివే విద్యార్థిని హైదరాబాద్ కోఠిలోని ఒక పుస్తకాల దుకాణానికి జనవరి 6న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది. పార్సిల్ 10న, శనివారం సాయంత్రం వచ్చింది. గణితం పరీక్ష 20న. చూడ్డానికి పది రోజుల గడువున్నా మధ్యలో రెండు ఆదివారాలు, ఆపైన సంక్రాంతి ఉన్నాయి. 14 నుంచి 16 దాకా దుకాణాలు, కొరియర్లు సగం పని చేస్తాయి, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. 12, 13 తేదీల్లో బయలుదేరని పుస్తకం పండగ తర్వాతే కదులుతుంది. అసలు గడువు ఆ రెండు రోజులే. ఆమె శనివారం రాత్రే ఇలా రాసింది:

విషయం: ఆర్డర్ 48213 – ఆర్-22కు బదులు ఆర్-18 వచ్చింది, సోమవారం మార్చి పంపగలరా? (పరీక్ష 20న)

సార్, నమస్కారం.

జనవరి 6న మీ దగ్గర ‘మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్’ (జేఎన్‌టీయూహెచ్, ఆర్-22) ఆర్డర్ పెట్టి 395 రూపాయలు కట్టాను. ఈ సాయంత్రం పార్సిల్ అందింది. పైన చీటీ మీద ఆర్-22 అనే ఉంది కానీ లోపల ‘మ్యాథమెటిక్స్-1’, ఆర్-18 పుస్తకం ఉంది. మా సిలబస్‌లోని ఐదో యూనిట్ ఇందులో లేదు కాబట్టి దీనితో సర్దుకోలేను.

పరీక్ష 20న. పండగ సెలవులు వస్తున్నాయి కనుక సోమవారం (12న) మధ్యాహ్నంలోగా సరైన పుస్తకాన్ని కరీంనగర్ బస్టాండుకు ఆర్టీసీ కార్గోలో వేయగలరా? కౌంటర్‌లో నేనే తీసుకుంటాను. పాతది మీకు చేరేదాకా ఆగకుండా పంపమని కోరుతున్నాను. దాని మీద పేరు కూడా రాయలేదు, వచ్చిన కవరులోనే ఉంచాను. మీరు పంపిన కార్గో రసీదు నాకు అందిన రోజే దీన్ని మీ పేరున కార్గోలో వేసి ఆ రసీదు ఫొటో పంపిస్తాను. ఖర్చు ఎలా సర్దాలో మీరు చెప్పండి.

స్టాకు లేకపోతే సోమవారం 11 గంటల్లోగా ఆ మాట చెప్పి డబ్బు వెనక్కి వేయండి, వేరే చోట కొనుక్కుంటాను.

చీటీ, ముందు అట్ట, వెనుక అట్ట మీది ఐఎస్‌బీఎన్ ఫొటోలు జత చేశాను.

ఇట్లు
(పేరు, ఊరు, ఫోన్ నంబరు)

ఈ ఉత్తరంలో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. దుకాణంలో సోమవారం ఉదయం పెట్టె తెరిచిన మనిషి విషయం గడిలోని ఒక్క వరుసతోనే ఏ ఆర్డరో, ఏం తప్పు జరిగిందో, ఎప్పటికి కావాలో తెలుసుకుంటాడు. ‘అర్జంట్’ అనే మాట రోజూ ఎన్నో ఉత్తరాల్లో కనిపిస్తుంది కాబట్టి దానికి విలువ పోయింది. ‘పరీక్ష 20న’ అన్నదానికి పోలేదు. ఆర్టీసీ కార్గో ప్రస్తావన కూడా ఊరికే పెట్టింది కాదు. హైదరాబాద్ నుంచి కరీంనగర్‌కు బస్సులో మూడు నాలుగు గంటల దారి. అమ్మకందారుకు తోచని దారిని కొన్నవారే చూపిస్తే అతను ఆలోచించుకోవాల్సింది తగ్గుతుంది. స్టాకు లేకపోతే ఏం చేయాలో ముందే చెప్పడం వల్ల ‘చూస్తాం’ అనే జవాబుకు చోటు ఉండదు. లేదన్న సంగతి సోమవారం పొద్దున తెలిస్తే అదే రోజు ఊళ్లో వెతుక్కోవచ్చు. గురువారం తెలిస్తే ఆ జవాబు ఎందుకూ పనికిరాదు.

పెద్ద ఆన్‌లైన్ వేదికలో కొన్నప్పుడు ముందుగా ఆర్డర్ పేజీలోని ‘తప్పు వస్తువు వచ్చింది’ అనే అభ్యర్థన పెట్టి, ఆ నంబరును ఈమెయిల్‌లో రాయాలి. లేకపోతే అమ్మకందారుకు ఇష్టమున్నా వేదిక లెక్కల్లో మార్పిడి నమోదు కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వేదిక తన పేజీలో అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు చూపించాలి. ఆర్డర్‌లో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

ఆ నెల గడువులోనే చిక్కుంది. చట్టం డబ్బు తిరిగి ఇప్పిస్తుంది, 20వ తేదీలోపు పుస్తకం మాత్రం ఇప్పించలేదు. అందువల్ల మొదటి ఈమెయిల్‌లో వినియోగదారుల కోర్టు పేరెత్తితే ఆ ఉత్తరం దుకాణం కౌంటర్ నుంచి యజమాని బల్ల మీదికి వెళ్లి రెండు రోజులు అక్కడే కూర్చునే ప్రమాదం ఉంది. సోమవారం మధ్యాహ్నం దాకా జవాబు రాకపోతే ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఏం ఒప్పుకున్నారో అదే ఈమెయిల్‌కు కొనసాగింపుగా రెండు వాక్యాల్లో రాసి పంపాలి, ఎందుకంటే కౌంటర్‌లో మనిషి మారితే నోటిమాట నిలవదు. సాయంత్రానికీ కదలిక లేకపోతే మార్పిడి ఆశ వదిలేసి డబ్బు అడగాలి, పుస్తకం కాలేజీ లైబ్రరీ నుంచో సీనియర్ల దగ్గరో తెచ్చుకోవాలి. సీనియర్ పుస్తకం తీసుకునేటప్పుడు కూడా రెగ్యులేషన్ చూసుకోవాలి. డబ్బు కూడా రాకపోతే అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, ఇంతకుముందు రాసిన ఈమెయిళ్లే అక్కడ ఆధారాలుగా చూపించవచ్చు.

వీటన్నిటి మధ్య ఆ తప్పు పుస్తకాన్ని ముట్టుకోకూడదు. మొదటి రెండు యూనిట్లు, మాత్రికలు, ఐగన్ విలువలు, రెండు సిలబస్‌లలోనూ ఉన్నాయి కాబట్టి ‘అవైనా చదువుకుందాం’ అని పెన్సిల్‌తో గీతలు పెట్టాలనిపిస్తుంది. గీత పడిన పుస్తకాన్ని దుకాణదారు కొత్తదిగా మళ్లీ అమ్ముకోలేడు, అప్పటిదాకా రాసిందంతా వృథా అవుతుంది. చదవక తప్పదనుకుంటే ఆ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసుకుని పుస్తకాన్ని కవరులో పెట్టేయడం నయం.